పాత బిల్లుకే ముందు జమ: నాలుగేళ్లు 'ఆటో అలొకేట్' నొక్కాక నా రివ్యూ

మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ దగ్గర్నుంచి వచ్చిన డబ్బు ఎంటర్ చేసే స్క్రీన్ కింద మూలన 'ఆటో అలొకేట్' అని ఒక బటన్ ఉంటుంది. నాలుగేళ్లుగా నా పని వసూళ్ల ఖాతాలు చూడటమే కాబట్టి ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కానో లెక్కే లేదు. మొదటి ఏడాది దాన్ని దేవుడనుకున్నాను, రెండో ఏడాది పరమ బూతులు తిట్టాను, ఇప్పుడు ఎక్కడ నొక్కాలో ఎక్కడ నొక్కకూడదో తెలిసింది. కొత్తగా ఈ సీట్లోకి వచ్చినవాళ్లు అదే చుట్టూ తిరగకుండా ఉంటారని రాస్తున్నాను.

అది చేసే పని చాలా చిన్నది. కస్టమర్ ఐదారు ఇన్వాయిస్‌లు బాకీ ఉండి అందులో కొంత మాత్రమే పంపాడనుకోండి, ఆ డబ్బుని తేదీ ప్రకారం అన్నిటికంటే పాత ఇన్వాయిస్‌కి ముందు జమ కడుతుంది, అది తీరితే తర్వాతదానికి, అలా డబ్బు అయిపోయేదాకా వెళ్లి, చివర్లో ఒక ఇన్వాయిస్‌ని సగంలో వదిలేస్తుంది. మొత్తం బాకీ ఎంతో అంతే ఉంటుంది, లెడ్జర్ బ్యాలెన్స్‌లో తేడా రాదు. మారేది ఒక్కటే, ఆ బాకీ ఏ ఇన్వాయిస్ పేరు మీద నిలబడిందన్నది. 'బ్యాలెన్స్ సరిపోయాక ఇంకేం కావాలి' అని మొదట్లో నేనూ అనుకున్నాను.

ముందు మంచి చెప్తాను. కొందరు కస్టమర్లుంటారు, ప్రతి నెలా 50,000 అనో లక్ష అనో గుండుగా ఒక మొత్తం పంపేస్తారు, ఏ బిల్లుకని వాళ్లూ చూడరు, అడిగినా 'మీరే సర్దేసుకోండి' అంటారు. అలాంటివాళ్లకి ఈ బటన్‌ని మించింది లేదు. పాతది ముందు తీరుతుంది, బాకీల్ని ఎన్ని రోజుల పాతవో చూసి కాలమ్‌లుగా విడదీసే ఏజింగ్ రిపోర్ట్‌లో, అన్నిటికంటే పాతవి ఉండే చివరి కాలమ్ ఖాళీ అవుతూ వస్తుంది, సగం తీరిన ఇన్వాయిస్ ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. చేత్తో సర్దేవాళ్లు చేసే తప్పేమిటంటే ఐదు ఇన్వాయిస్‌లకీ తలా కొంచెం వేసి ఐదింటినీ సగం సగం వదిలేస్తారు, ఆర్నెల్ల తర్వాత ఆ ఖాతా ఎవరికీ అర్థం కాదు. అంతకంటే యంత్రమే వెయ్యి రెట్లు నయం.

గొడవంతా ఇంకో రకం కస్టమర్ దగ్గర. ఒక ఖాతా అంకెలతో సహా చెప్తాను, నంబర్లు మార్చాను కానీ కథ జరిగిందే.

నాలుగు ఇన్వాయిస్‌లు పెండింగ్. జనవరి 6న 214వ నంబరు, 40,000. జనవరి 20న 231, 25,430. ఫిబ్రవరి 3న 248, 31,870. ఫిబ్రవరి 17న 260, 18,640. మొత్తం 1,15,940. మార్చి 12న బ్యాంకులో 75,940 పడింది. నేను రసీదు ఎంటర్ చేసి, అలవాటు ప్రకారం బటన్ నొక్కాను. 214 పూర్తిగా తీరిపోయింది, 231 తీరిపోయింది, మిగిలిన 10,510 వెళ్లి 248లో పడింది. అంటే 248లో 21,360, 260లో 18,640, వెరసి 40,000 బాకీ. సేవ్ కొట్టి తర్వాత రసీదులోకి వెళ్లిపోయాను, నిమిషం కూడా పట్టలేదు.

మార్చి 31 ఏజింగ్ రిపోర్ట్ అద్దంలా వచ్చింది. ఆ కస్టమర్ బాకీ 40,000 మొత్తం 31 నుంచి 60 రోజుల కాలమ్‌లోనే ఉంది, 60 రోజులు దాటింది సున్నా. మేనేజర్ చూసి 'ఈ ఖాతా బాగా నడుస్తోంది' అన్నారు, నేనూ మురిసిపోయాను.

ఏప్రిల్ మొదటి వారంలో మా సేల్స్ వాళ్లు ఆ కస్టమర్ బాకీలోంచి 6,400 తగ్గిస్తూ ఒక క్రెడిట్ నోట్ వేశారు. 214లో వెళ్లిన సరుకులో కొంత పాడైందట, దాని తాలూకు. సంగతి నాకెవరూ చెప్పలేదు (సేల్స్ వాళ్లు ఎప్పుడు చెప్పారు గనక). క్రెడిట్ నోట్ ఖాతాలోకి వచ్చింది, 214 అప్పటికే మూసేసి ఉంది, కాబట్టి నేను మళ్లీ అదే బటన్ నొక్కితే అది తెరిచి ఉన్నవాటిలో పాతదైన 248కి వెళ్లి అతుక్కుంది. 21,360లోంచి 6,400 పోయి 14,960 మిగిలింది. ఆ తర్వాత వారం రిమైండర్ వెళ్లింది: 248లో 14,960, 260లో 18,640 చెల్లించగలరు అని.

వాళ్ల అకౌంట్స్ నుంచి ఫోన్. "ఏమండీ, 248, 260 రెండూ మార్చిలోనే కట్టేశాం కదా, మళ్లీ అడుగుతారేంటి? మేం ఆపింది 214 ఒక్కటే. అసలు ఈ 14,960 ఎక్కడిదండీ, మా పుస్తకాల్లో ఆ అంకే లేదు."

నిజమే, అది ఈ లోకంలో ఎవరి పుస్తకాల్లోనూ లేదు. నా బటన్ పుట్టించిన అంకె అది. 25,430, 31,870, 18,640 కూడండి, సరిగ్గా 75,940 వస్తుంది. వాళ్లు పాడైన సరుకు గొడవ తేలేదాకా 214ని పక్కన పెట్టి మిగతా మూడూ పూర్తిగా కట్టారు. ఏ ఇన్వాయిస్‌కి ఎంత అని చెప్తూ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రోజే మెయిల్ కూడా పంపారు, అది మా ఉమ్మడి ఇన్‌బాక్స్‌లో చదవకుండా పడి ఉంది.

రిమైండర్ చూసి కస్టమర్ విసుక్కోవడం ఒక ఎత్తు, అది ఒక సారీతో పోయింది. అసలు నష్టం వేరే ఉంది. మార్చి 31 నాటికి నిజానికి 84 రోజుల పాత బాకీ 40,000, అదీ గొడవలో ఉన్నది, మా రిపోర్ట్‌లో 61 నుంచి 90 కాలమ్‌లో కనపడాల్సింది. దాని బదులు 42 రోజులు, 56 రోజుల వయసున్న మామూలు బాకీలా కనిపించింది. 214 'తీరింది' అని ఉంది కాబట్టి ఆ గొడవ ఎంతదాకా వచ్చిందని మా వైపు ఎవరూ అడగలేదు. పాతదాన్ని ముందు తీర్చే పద్ధతి ఉన్నచోట కస్టమర్ పాతదాన్ని ఆపి కొత్తవి కడితే ఏజింగ్ రిపోర్ట్ ఉన్నదానికంటే పడుచుగా కనిపిస్తుంది, గొడవలో ఉన్న ఇన్వాయిస్ కింద దాక్కుంటుంది. ఈ ముక్క నాకు ఎవరూ నేర్పలేదు, ఆ రోజు నేర్చుకున్నాను.

సరిచేసిన విధానం కూడా చెప్తాను, ఎందుకంటే నాలాగే కంగారులో చాలామంది రసీదునే డిలీట్ చేసి మళ్లీ ఎంటర్ చేస్తారు. అలా చేయకండి. మార్చి పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే రికన్సిలియేషన్ అయిపోయి ఉంటుంది, రసీదు తీసేస్తే అది విరిగిపోయి ఇంకో టెన్షన్ మొదలవుతుంది. తీయాల్సింది రసీదుని కాదు, ఆ రసీదు ఏ ఇన్వాయిస్‌లకి అతికిందో ఆ లింకుని మాత్రమే. ముందు క్రెడిట్ నోట్‌ని 248 నుంచి విడదీశాను, తర్వాత రసీదుని మూడింటి నుంచీ విడదీశాను, ఇప్పుడు నాలుగు ఇన్వాయిస్‌లూ మళ్లీ నిండుగా తెరుచుకున్నాయి. రసీదుని 231, 248, 260కి పూర్తిగా టిక్ పెట్టాను, మిగులు సున్నా. క్రెడిట్ నోట్‌ని 214కి వేశాను. 214లో 33,600 మిగిలింది. అంతకుముందు 14,960, 18,640 కలిపినా అంతే, అందుకే బ్యాలెన్స్ చూసి ఎవరూ తప్పు పట్టలేకపోయారు. ఆ 33,600ని కస్టమర్ నాలుగు రోజుల్లో పంపాడు. వాళ్ల పుస్తకంలోనూ అదే అంకె ఉంది మరి. ఒక్క జాగ్రత్త: త్వరగా కడితే ఇచ్చే డిస్కౌంట్ ఏదైనా ఆ అలొకేషన్‌తోపాటు పోస్ట్ అయి ఉంటే లింకు తీసినప్పుడు అదీ వెనక్కి తిరుగుతుంది, అది మూసేసిన నెలలో పడకుండా తేదీ చూసుకోవాలి.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1816లో ఇంగ్లండ్‌లో క్లేటన్ కేసు అని ఒకటి, దివాలా తీసిన ఒక బ్యాంకులో అంతకుముందే చనిపోయిన భాగస్వామి ఆస్తి మీద ఖాతాదారు వేసినది. నడుస్తున్న ఖాతాలో ఫలానాదానికని ఎవరూ చెప్పకపోతే ముందు వచ్చినదానికి ముందు చెల్లు అని అందులో తేల్చారు. గమనించాల్సింది ఆ 'ఎవరూ చెప్పకపోతే' అన్న మాటే. కట్టేవాడు కట్టేటప్పుడు చెప్తే అదే లెక్క, వాడు చెప్పకపోతే తీసుకునేవాడి ఇష్టం, ఇద్దరూ మిన్నకుంటేనే తేదీల వరస. మన బటన్ మాత్రం మొదటి రెండు మెట్లూ దూకేసి నేరుగా మూడో మెట్టు మీద కూర్చుంటుంది.

ఇంకో పీకులాట, 'పాతది' అంటే ఏ తేదీ ప్రకారం పాతది? మా సాఫ్ట్‌వేర్ ఇన్వాయిస్ తేదీ చూస్తుంది, సెటింగ్స్‌లో గడువు తేదీకి మార్చుకోవచ్చు. అందరికీ 30 రోజుల గడువే అయితే రెండూ ఒకటే. ఒకే కస్టమర్‌కి ఒక బిల్లు 60 రోజులకి, తర్వాత వారం వేసిన బిల్లు 15 రోజులకి ఇచ్చారనుకోండి, ఇంకా గడువే రాని బిల్లు తీరిపోయి గడువు దాటింది అలాగే ఉండిపోతుంది. నేను గడువు తేదీకి మార్చేశాను. పాత సిస్టమ్ నుంచి ఓపెనింగ్ బ్యాలెన్స్‌లు తెచ్చినప్పుడైతే ఇంకా ఘోరం, అన్ని పాత ఇన్వాయిస్‌లకీ మార్పిడి చేసిన రోజు తేదీయే పడింది, ఇక వరస అన్నమాటే లేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. రసీదు మొత్తం గుండుగా ఉందా, చిల్లరతో ఉందా చూస్తాను. గుండుగా ఉండి మెయిల్ ఏమీ లేకపోతే బటన్. 75,940 లాంటి చిల్లర అంకె వస్తే చెయ్యి ఆపుతాను, చిల్లర పంపాడంటే అవతల ఎవరో ఏవో ఇన్వాయిస్‌లు ఏరి కూడారని అర్థం. మొత్తం బాకీలోంచి వచ్చిన డబ్బు తీసేసి, మిగిలినది ఏదైనా ఒక ఇన్వాయిస్ అంకెతో కలుస్తుందేమో చూడటం అన్నిటికంటే సులువు, ఆ రోజు 1,15,940లోంచి 75,940 తీసి ఉంటే 40,000, అంటే 214, కళ్లెదుటే కనిపించేది. కలవకపోతే డబ్బుని ఏ ఇన్వాయిస్‌కీ అతికించకుండా ఆన్ అకౌంట్‌గా ఉంచి ఒక మెయిల్ కొడతాను, వారంలోపు జవాబు రాకపోతే అప్పుడు బటన్. గొడవలో ఉన్న ఇన్వాయిస్‌కి హోల్డ్ అని టిక్ పెట్టే వీలుంది, పెడితే ఆటో దాన్ని దాటి వెళ్లిపోతుంది. ఆ టిక్ ఉందని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది, ఎవరో లోపల్లోపల మూడో ట్యాబ్‌లో దాచారు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర కోసినది హోల్డ్ టిక్‌ని మూడో ట్యాబ్‌లో పెట్టినందుకు, పూర్తి ఒకటి కోసినది సేవ్ చేసేముందు 'ఈ మొత్తం 231, 248, 260 కూడికకి సరిపోతోంది' అని ఒక్క ముక్క చూపించనందుకు.