ఇంటికి డ్రిల్ మెషిన్: వైరుదా, బ్యాటరీదా? రెండూ ఏళ్ల తరబడి వాడాక తేలింది

మా ఇంట్లో రెండు డ్రిల్ మెషిన్లు ఉన్నాయి. ఒకటి వైరుది, బాష్ జీఎస్‌బీ 600. ఇది తిరుగుతూనే దెబ్బలు కూడా కొట్టే 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్, బిట్‌ని పట్టే చక్ 13 మి.మీ. రెండోది హ్యామర్ లేని 12 వోల్టుల కార్డ్‌లెస్. గోడల పని మొదటిది చూసుకుంటుంది, స్క్రూల పని రెండోది. వీటికంటే ముందు ఒక 18 వోల్టుల కార్డ్‌లెస్ హ్యామర్ డ్రిల్ కూడా ఉండేది. అన్నిటికీ అదొక్కటే చాలనుకుని కొన్నది. దాని సంగతి కూడా చెబుతాను. ఎందుకంటే ఇంటికి డ్రిల్ కొనాలనుకునే చాలామంది మొదట చూసేది అలాంటిదే.

కొనేముందు వాట్లు, వోల్టులు పక్కనపెట్టి రెండు విషయాలు చూసుకోవాలి. మీ గోడ దేనితో కట్టింది? ఒకసారి వాడాక మళ్లీ ఎన్నాళ్లకు ఆ మెషిన్ బయటికి తీస్తారు?

ముందు గోడ సంగతి. కిటికీ పైన కర్టెన్ రాడ్ క్లాంపు బిగించాలనుకోండి. అక్కడ ఉండేది సాధారణంగా లింటెల్, అంటే లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటు. మొదట వచ్చేది ప్లాస్టరింగ్, మందం 12 నుంచి 20 మి.మీ. దాకా ఉంటుంది. అసలు కాంక్రీటు దాని వెనకే. 6 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్ పట్టు ప్లాస్టరింగ్‌లో ఉంటే కర్టెన్ నాలుగుసార్లు లాగగానే ఊడి వస్తుంది. అందుకే రంధ్రం ప్లాస్టరింగ్ దాటి, ప్లగ్‌లో ఎక్కువ భాగం కాంక్రీటులో కూర్చునేంత లోతుండాలి. దుమ్ము చేరడానికి ఇంకో 5 నుంచి 10 మి.మీ. అదనంగా పోవాలి. బిట్‌కి అంత దూరంలో టేపు చుట్టుకుంటే లోతు తెలుస్తుంది.

నేను మొదట హ్యామర్ ఆపి, నెమ్మదిగా తిప్పి చిన్న గుంట చేస్తాను. లేకపోతే బిట్ గుర్తు మీద నుంచి జారిపోతుంది. తర్వాత హ్యామర్ మోడ్‌కి మార్చి, శరీరం బరువు కొంచెం ఆనించి నొక్కుతాను. మధ్యమధ్య బిట్ బయటికి లాగి దుమ్ము రానిస్తాను. ఆ దుమ్ము రంగు చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది. ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగులో కాస్త గరుగ్గా వస్తే కాంక్రీటు. బిట్ ఒక్కసారిగా ముందుకు పోనని మొరాయించి, కీచుమని లోహం చప్పుడు వస్తే చువ్వ తగిలిందన్నమాట. అప్పుడు ఇంకా నొక్కకుండా రంధ్రాన్ని రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి జరపాలి. నొక్కుతూ పోతే బిట్ కొన వేడెక్కి నీలం రంగుకి తిరుగుతుంది, కార్బైడ్ ముక్క అతుకు వదిలి ఊడిపోతుంది. అన్నట్టు, స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా కన్నం పెట్టకండి. లోపలి వైర్లు సాధారణంగా ఆ గీతలోనే పోతాయి.

ఇంపాక్ట్ డ్రిల్ హ్యామర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని పరిమితి కూడా అర్థమవుతుంది. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ చక్‌ని ముందుకీ వెనక్కీ అదిలిస్తాయి. చుట్టుకు 16 పళ్లుంటే నిమిషానికి 3,000 చుట్లకు 48,000 దెబ్బలు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఇదే. కానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది, దాని బలమంతా మీ చేతి ఒత్తిడి నుంచే వస్తుంది. రోటరీ హ్యామర్ దారి వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో లోపలి సుత్తిని విసురుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కో దెబ్బ శక్తి రెండు జౌల్‌ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ తేడా కాంక్రీటులో చేతికే తెలుస్తుంది. ఇంపాక్ట్ డ్రిల్‌తో లింటెల్‌లో 6, 8 మి.మీ. రంధ్రాలు ఓపికగా పెట్టుకోవచ్చు. 10 మి.మీ. దగ్గర చేతులు లాగేస్తాయి. 12 మి.మీ. యాంకర్ బోల్టులు వరసగా వేయాల్సి వస్తే ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ పట్టే రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోవడమే మేలు. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ పని కోసం కొనక్కర్లేదు.

ఇప్పుడు మా పాత 18 వోల్టుల కార్డ్‌లెస్ సంగతి. ఇటుక గోడలో 6 మి.మీ. రంధ్రాలు హాయిగా పెట్టేది. లింటెల్‌లో కూడా పెట్టేది, కానీ బ్యాటరీ కళ్లముందే దిగిపోయేది. లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 36 వాట్ అవర్లు. 600 వాట్ల వైరు డ్రిల్ పూర్తి లోడ్‌తో ఒక్క నిమిషం నడిస్తే 10 వాట్ అవర్లు లాగుతుంది. అంటే ఆ స్థాయి పని కావాలంటే బ్యాటరీ నాలుగు నిమిషాలు కూడా రాదు. కాంక్రీటుకి కార్డ్‌లెస్ కొనాలంటే 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అరిగే కార్బన్ బ్రష్షులు లేని బ్రష్‌లెస్ మోటారు ఉన్నది చూడాలి. అప్పుడు బరువూ ఖర్చూ రెండూ పెరుగుతాయి.

దాన్ని చివరికి చంపింది మాత్రం పని కాదు, ఖాళీగా ఉండటం. లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన స్థితిలో నెలల తరబడి అలమారలో ఉంటే, సెల్ వోల్టేజి సురక్షితమైన హద్దు కంటే కిందికి జారిపోతుంది. ఆ తర్వాత ఛార్జర్‌లో పెడితే ఎర్రదీపం గబగబా కొట్టుకుంటుంది తప్ప ఛార్జ్ ఎక్కదు. భద్రత కోసం ఛార్జరే ఒప్పుకోదు. మెషిన్ కొత్తదానిలా ఉంటుంది, బ్యాటరీ పోతుంది. ఆ మోడల్‌కి విడి బ్యాటరీలు రావడం అప్పటికే ఆగిపోయింది కాబట్టి, బాగున్న మోటారు కూడా మూలన పడింది. ఇప్పుడున్న 12 వోల్టుల దానికి బ్యాటరీని సగం ఛార్జ్‌తో, మెషిన్ నుంచి విడదీసి, చల్లని చోట పెడుతున్నాం. రెండు మూడు నెలలకోసారి దీపం చూసి కాస్త ఎక్కిస్తాం. ఇంతపాటి శ్రద్ధ పెట్టలేని ఇంటికి కార్డ్‌లెస్ మొదటి మెషిన్‌గా వద్దని నా అభిప్రాయం. వైరు డ్రిల్‌ని ఏడాది తర్వాత తీసినా ప్లగ్గు పెట్టగానే తిరుగుతుంది.

మరి రెండోది ఎందుకంటే, స్క్రూల కోసం. బిగువు ఒక హద్దుకి చేరగానే స్క్రూని తిప్పడం ఆపే క్లచ్ వైరు డ్రిల్‌కి సాధారణంగా ఉండదు. స్క్రూ బిగిసిన తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది, స్క్రూ తల గాడి అరిగిపోతుంది, లేదా ప్లైవుడ్‌లో తల మునిగిపోతుంది. కార్డ్‌లెస్‌లో చక్ వెనక అంకెలున్న రింగు ఉంటుంది, అదే క్లచ్. చిన్న అంకె నుంచి మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కకి సమంగా కూర్చునే అంకె దొరికేదాకా పెంచుకుంటూ పోవాలి. ఆ తర్వాత అల్మారా కబ్జాలన్నీ అదే అంకె మీద ఒకే తీరుగా బిగుస్తాయి. ఈ పనికి 12 వోల్టులు చాలు. తేలిక కాబట్టి కప్‌బోర్డు లోపల చేయి చాచి పనిచేసినా మణికట్టు నొప్పి పుట్టదు.

కంపెనీల విషయానికొస్తే, పేరుకంటే ఏ శ్రేణి అన్నది ముఖ్యం. బాష్‌లో నీలం రంగువి వృత్తి పనివాళ్లకి, ఆకుపచ్చవి ఇంటి వాడకానికి. రెండూ 18 వోల్టులే అయినా నీలం బ్యాటరీ ఆకుపచ్చ మెషిన్‌కి పట్టదు. డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ మూడూ ఒకే సంస్థవి, అయినా వాటి బ్యాటరీలు ఒకదానివి ఇంకోదానికి సరిపోవు. డీవాల్ట్ మీద కనిపించే 20 వోల్ట్ మ్యాక్స్ కూడా ఐదు సెల్‌ల 18 వోల్టుల బ్యాటరీయే. అప్పుడే ఛార్జ్ చేసిన స్థితిలో కొలిచిన అంకె అది. 12 వోల్టులని రాసే చాలావాటి అసలు అంకె 10.8. కాబట్టి 20, 18 పక్కపక్కన పెట్టి ఒకదానికి బలం ఎక్కువని అనుకోవద్దు. మకీటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ బ్యాటరీలు 2005 నుంచి వస్తున్నాయి. ఒక్క బ్యాటరీతో గ్రైండరూ రంపమూ కూడా నడపాలనుకునేవాళ్లకి ఇలా ఎక్కువ కాలం నిలిచిన శ్రేణే మేలని నేను చెబుతాను. డ్రిల్ ఒక్కటే చాలనుకుంటే ఆ లెక్క అక్కర్లేదు.

వారంటీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పెట్టె మీద ఏళ్ల అంకె చూసి సంతోషపడేముందు లోపలి కాగితం చదవండి. ఒకే కంపెనీ ఒక దేశంలో ఇచ్చే గడువు ఇంకో దేశంలో ఉండదు, పక్క దేశం నుంచి తెప్పించిన మెషిన్‌కి స్థానిక వారంటీ సాధారణంగా వర్తించదు. కొన్ని కంపెనీల్లో పూర్తి గడువు రావాలంటే కొన్న కొద్ది వారాల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఐరోపాలో బాష్ నీలం శ్రేణికి మూడేళ్లు దొరికేది ఇలా 4 వారాల్లో నమోదు చేసినవాళ్లకే. బ్యాటరీకి, ఛార్జర్‌కి వేరే గడువు రాసి ఉండొచ్చు, అది చాలాసార్లు మెషిన్ గడువుకంటే తక్కువ. ఇంటి శ్రేణి మెషిన్‌ని కిరాయి పనికి వాడితే వారంటీ పోతుందన్న షరతు కూడా చాలా కాగితాల్లో ఉంటుంది.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు, చక్, బిట్లు, వైరు అరిగే వస్తువుల కింద లెక్క, వాటికి వారంటీ రాదు. మోటారు కాలిపోతే సర్వీస్ సెంటర్‌లో విప్పి చూస్తారు. మోటారులో తిరిగే ఆర్మేచర్, దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ రెండూ సమంగా నల్లబడి ఉంటే ఓవర్‌లోడ్ అని రాసి, బిల్లు మీ చేతిలో పెడతారు. మా బంధువు ఒకాయనకి ఇంకో రకం చిక్కు వచ్చింది. కంపెనీ పేరు ఎందుకులెండి. ఆయన బిల్లులో "డ్రిల్ మెషిన్ 1" అని మాత్రమే రాసి ఉంది. సీరియల్ నంబర్ లేదు కాబట్టి ఇది ఆ మెషినే అనడానికి ఆధారం లేదన్నారు. కొనేటప్పుడే బిల్లులో మోడల్, సీరియల్ నంబర్ రాయించుకుని, ఆ బిల్లునీ మెషిన్ మీది ప్లేటునీ కలిపి ఒక ఫోటో తీసుకోండి. బిల్లు అక్షరాలు ఏడాదిలోనే వెలిసిపోవచ్చు.

వారంటీ ముగిశాక మెషిన్ బతకాలంటే విడిభాగాలు దొరకాలి. వైరు డ్రిల్‌లో ముందుగా అరిగేవి బ్రష్షులే. గాలి రంధ్రాల్లోంచి మామూలుగా చిన్న నిప్పురవ్వలు కనిపిస్తాయి. అవి బ్రష్షులు ఆనుకునే కమ్యుటేటర్ చుట్టూ వలయంలా తిరుగుతుంటే, మెషిన్ ఆగి ఆగి నడుస్తుంటే బ్రష్షులు అయిపోయినట్టే. జతగా మార్చాలి, కొత్తదొకటి పాతదొకటి పెట్టకూడదు. మా జీఎస్‌బీకి బ్రష్షులు ఒకసారి మార్చాం, ఆ తర్వాత మళ్లీ కొత్తదానిలా నడుస్తోంది. మీరు ఏ డ్రిల్ ఎంచుకున్నా, డబ్బు కట్టేముందే ఆ మోడల్ బ్రష్షులు, స్విచ్ మీకు అందేంత దూరంలో దొరుకుతాయా అని అడగండి. కార్డ్‌లెస్ అయితే విడి బ్యాటరీ అమ్మకంలో ఉందా అని అడగండి.