ఒకే ఎనిమిది లక్షలు, రెండు లెక్కలు: ఓబీసీ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్

కేంద్ర ఉద్యోగాల్లో ఓబీసీల్లోని సంపన్నులను కోటా నుంచి తప్పించే క్రీమీలేయర్‌కూ, రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాకూ ఆదాయ గీత ఏడాదికి ₹8 లక్షలే. లెక్కకట్టే తీరే వేరు.

గుంటూరులో ఒక కుటుంబం అనుకుందాం. తండ్రి గ్రూప్-సి ప్రభుత్వోద్యోగి, జీతం ₹9 లక్షలు. తల్లికి వ్యవసాయం మీద ₹2 లక్షలు, ఇంటద్దె ₹1 లక్ష. వీళ్లు ఓబీసీ అయితే జీతం, సేద్యం లెక్కలోకి రావు. మిగిలేది ₹1 లక్షే కాబట్టి కొడుకు నాన్-క్రీమీలేయర్. పైగా తల్లిదండ్రుల ఇతర ఆదాయం వరుసగా మూడేళ్లు గీత దాటితేనే అనర్హత. కొడుకు సొంత జీతం అడగరు.

అదే కుటుంబం ఓసీ అయితే అన్నీ కలిపి ₹12 లక్షలు, ఈడబ్ల్యూఎస్ దక్కదు. ఇక్కడ దరఖాస్తుకు ముందటి ఆర్థిక సంవత్సరం ఒక్కటే చూస్తారు, అభ్యర్థి సంపాదనా కలుపుతారు. ఆదాయం తక్కువున్నా ఐదెకరాల సాగుభూమి ఉంటే అనర్హతే.

తహసీల్దారు కార్యాలయంలో జీతాన్నీ కలిపి ఓబీసీ పత్రం నిరాకరిస్తే 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వు చూపాలి. ఈడబ్ల్యూఎస్‌లో చిక్కల్లా పాత ఏడాది పత్రంతోనే.

మరి రిజర్వేషన్లు మొత్తం మీద దాటకూడదన్న 50 శాతం పరిమితి? 2022లో సుప్రీంకోర్టు 3-2 తీర్పుతో ఈడబ్ల్యూఎస్ 10 శాతాన్ని దాని బయటే ఉంచింది. ఓబీసీ కోటా మాత్రం లోపలే.