ఆరేళ్ల పసుపు మల్టీమీటర్: ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ చెక్ చేయడానికి ఎంతవరకు పనికొస్తది?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న షాపులో కొన్న, ఆ మామూలు పసుపు మీటర్. డీటీ 830డీ అని రాసుంటది, కంపెనీలు మాత్రం వంద. ఆరేళ్లయింది, రెండుసార్లు వైర్లు మార్చిన, నాబ్ కొంచెం లూజైంది, ఇంకా నడుస్తనే ఉంది. కరెంటు పని నా వృత్తేం కాదు, ఇంట్లవి, చుట్టాలవి బాగుచేస్త అంతే. అందుకే ఫీచర్లన్నీ చెప్పుకుంట పోను, నేను దీన్ని ఎక్కువ వాడేది ఒక్కదానికే: పవర్ సప్లై డెడ్ అయినప్పుడు పోయింది ట్రాన్స్‌ఫార్మరా, ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జా అని తేల్చుకోడానికి.

పోయినేడు బతుకమ్మకు వారం ముంగట హసన్‌పర్తి నుంచి మా బావ తన చిన్న ఆంప్లిఫైర్ పట్టుకొచ్చిండు. లైటే వెలుగుతలేదు. లోపల 12 వోల్టుల ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1N4007 డయోడ్లతో బ్రిడ్జ్, దాని తర్వాత పెద్ద కెపాసిటర్. "ఫ్యూజ్ బాగనే ఉంది బావా, చూసిన" అన్నడు. బాగుండక ఏమైతది, ఫ్యూజ్ పోయినప్పుడల్లా ఎవరో దాంట్లో మందం రాగి తీగ చుట్టి పెట్టిన్రు!

ప్లగ్ పీకి, కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేసిన. మీటర్ 2000 ఓమ్స్‌లో పెట్టి, ఆంప్లిఫైర్ స్విచ్ ఆన్ చేసి, ప్లగ్ రెండు పిన్నుల మీద వైర్లు ఆనించిన. డిస్‌ప్లేలో ఎడమ పక్క ఒక్క 1 మాత్రమే ఉంది, అంటే దారి తెగింది. స్విచ్, ఫ్యూజ్ విడివిడిగా చూస్తే రెండూ ఓకే, కాబట్టి ప్రైమరీ, అంటే మెయిన్స్ దిక్కు కాయిలే ఓపెన్. సెకండరీ, అంటే 12 వోల్టుల దిక్కు కాయిల్, 200 ఓమ్స్‌లో 1.6 చూపించింది, ఈ మీటర్‌లో వైర్లు ఒకదానికొకటి ఆనిస్తేనే 0.5 వస్తది, అది తీసేస్తే 1.1. అంటే సెకండరీకి ఏంగాలే. ఇక్కడ చాలామంది పడే తప్పు ఒకటుంది, నేను కూడ పడ్డ. బజర్ పెట్టి సెకండరీ మీద ఆనిస్తే కుయ్ అంటది, వెంటనే షార్ట్ అయింది అనుకుంటం. మంచి సెకండరీ కూడ ఒకటి రెండు ఓమ్సే కదా, బజర్ ఎప్పుడూ మోగుతది. ట్రాన్స్‌ఫార్మర్‌కు బజర్ వాడొద్దు, నంబరే చూడాలె.

ఇగ నేను చేసిన బేకార్ పని చెప్త. ప్రైమరీ పోయింది కదా అని కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, దాని ప్రైమరీ 190 ఓమ్స్ చూపిస్తే ఖుషీ అయి, సీదా పెట్టేసి ప్లగ్ పెట్టిన. రెండు నిమిషాలైనా కాలే, గుయ్‌మని శబ్దం, చెయ్యి పెడితే కాలుతంది, వార్నిష్ వాసన. గబగబా పీకిన. పాతదాన్ని ఏది చంపిందో అదే కొత్తదాన్ని కూడ చంపుతంది అన్నట్టు!

అప్పుడు బ్రిడ్జ్ చూసిన, ముందే చూడాల్సింది. మీటర్ డయోడ్ గుర్తు మీద పెట్టి ఒక్కో డయోడ్‌కు అటు ఇటు వైర్లు మార్చి చూడాలె. మంచి డయోడ్ ఒక దిక్కు 500 నుంచి 700 మధ్యలో ఏదో నంబర్ చూపిస్తది, అది మిల్లీవోల్టులు, తిప్పితే 1 చూపిస్తది. గీత ఉన్న కాలు మీద నల్ల వైర్ పెట్టినప్పుడే ఆ నంబర్ వస్తది. నా బోర్డులో రెండు డయోడ్లు అటు ఇటు రెండు దిక్కుల దాదాపు సున్నా. రెండు పోయినయా అనుకున్న, కాదు. సెకండరీ కాయిల్ ఇంకా బోర్డుకే తగిలించి ఉంది, అది ఒక్క ఓమ్ తీగే కాబట్టి ఒక డయోడ్ షార్ట్ అయితే కాయిల్ గుండా పక్క డయోడ్ కూడ షార్ట్ లెక్కనే కనిపిస్తది. సెకండరీ వైర్ ఒకటి ఊడదీసి మల్లా పెడితే ఒక్కటే సున్నా, మిగతా మూడు 580 చుట్టూ చూపించినయి. కెపాసిటర్ బోర్డు మీదనే ఉంటే కొన్ని రీడింగ్‌లు మెల్లగ పెరుగుకుంట పోతయి, అది చార్జ్ అయితుండటం, ఆగేదాకా ఆగండి.

నాలుగు కాళ్లు ఒక్క ముద్దలో ఉండే బ్రిడ్జ్ అయితే ఇంకా సులువు, బయటికి తీసి రెండు ఏసీ కాళ్ల మధ్య చూస్తే అటు ఇటు 1 రావాలె. ప్లస్ మీద నల్లది, మైనస్ మీద ఎర్రది పెడితే రెండు డయోడ్లు వరుసగా వస్తయి కాబట్టి 1000 పైన చూపిస్తది, తిప్పితే 1.

ఒక్క డయోడ్ షార్ట్ అయితే ఏమైతదంటే, ఏసీలో ఒక సగం సైకిల్‌లో కరెంటు పక్క డయోడ్ గుండా, ఈ షార్ట్ గుండా తిరిగి సీదా కాయిల్‌లకే పోతది, అంటే సెకండరీనే షార్ట్ చేసినట్టు. సరైన ఫ్యూజ్ ఉంటే అది కాలి పోయేది, తీగ చుట్టినంక కాలాల్సింది ఇంకేం మిగులుతది? పాత ట్రాన్స్‌ఫార్మర్ టేప్ విప్పితే ప్రైమరీతో సీరీస్‌గా చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంది, దాని మీద 130 డిగ్రీలని రాసుంది, అదే తెగింది. కాయిల్ మాత్రం బాగుంది. కొందరు దాన్ని బైపాస్ చేస్తరు, నేనైతే చెయ్య, ఇల్లు కాలుతది. అదే డిగ్రీలది కొత్తది వెయ్యొచ్చు, కాకపోతే సోల్డరింగ్ వేడికే అది పోతది కాబట్టి కాళ్లను నోస్ ప్లయర్‌తో పట్టుకొని త్వరగా అతికించాలె.

డయోడ్లు నాలుగూ మార్చి, సరైన ఫ్యూజ్ వేసి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రెండు నిమిషాలే కాలింది కదా ఎట్లుందో అని ఈసారి 60 వాట్ల పాత బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేసిన. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతది, వెలగలే. సెకండరీ ఏసీ 13.8, కెపాసిటర్ మీద డీసీ 18 చిల్లర, లోడ్ లేనప్పుడు గంతే వస్తది.

మీటర్‌తో తేలనివి కూడ చెప్తే న్యాయం. కాయిల్‌లో నాలుగైదు చుట్లు లోపలే షార్ట్ అయితే ఓమ్స్ దాదాపు మారదు. మొన్న ఒక ఇన్వర్టర్ చార్జర్ ట్రాన్స్‌ఫార్మర్ అట్లనే, మీటర్ మీద అంతా బాగుంది, సెకండరీకి ఏం తగిలించకున్నా సీరీస్ బల్బు జిగేల్‌మంది, అప్పుడు దొరికింది. డయోడ్ కూడ మీటర్ ఇచ్చే చిన్న వోల్టేజీకి బాగున్నట్టే ఉండి అసలు వోల్టేజీకి లీకయ్యేవి ఉంటయి, అనుమానమైతే మార్చడమే, రూపాయల్లోనే దొరుకుతయి.

ఇగ మీటర్ సంగతి. ఏసీకి 200, 750 రేంజులే ఉన్నయి, 12 వోల్టులకు చాలు. 9 వోల్టుల బ్యాటరీ వీక్ అయితే రీడింగ్‌లు అబద్ధంగా ఎక్కువ చూపిస్తయి, ఒకసారి 230 కు బదులు 270 చూసి కరెంటోళ్ల మీద కోపమొచ్చింది, తీరా చూస్తే బ్యాటరీ. 10 ఆంపియర్ల సాకెట్‌కు నా దాంట్లో ఫ్యూజే లేదు, ఎర్ర వైర్ అందులో మరిచిపోయి మెయిన్స్ మీద పెడితే పేలుడే. వైర్ల ఇన్సులేషన్ కూడ పల్చన, అందుకే నేను దీంతో మెయిన్స్ కొలిచేది తప్పనిసరైతేనే, మిగతా పరీక్షలన్నీ ప్లగ్ పీకేసి. ఈ పనికి ఐదులో నాలుగు ఇస్త, ఆ ఒక్కటి కోసింది వైర్లకు.