రెండు 24 మానిటర్లా, ఒక్క 34 అల్ట్రావైడా? జీఎస్టీ లెక్కలకి ఏది మేలు

మా బావ గుంటూరు అరండల్‌పేటలో మిర్చి కమిషన్ షాపుల జీఎస్టీ లెక్కలు చూస్తాడు. టేబుల్ మీద రెండు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు. "ఈ రెండూ తీసేసి ఒక అల్ట్రావైడ్ పెట్టేస్తే ఎట్టా ఉంటదిరా" అన్నాడు. బాగుంటది బావా, కానీ నీ కళ్ళు ఒప్పుకుంటేనే అన్నాను.

ఎందుకంటే 34 అంగుళాల అల్ట్రావైడ్ 3440 బై 1440, దాన్ని సగం చేస్తే ఒక్కో పక్కకి 1720 వస్తది, ఇప్పుడున్న ఒక్కో మానిటర్ 1920. అంటే పక్కకి 200 పిక్సెల్స్ పోయి ఎత్తులో 360 కలిసొస్తాయి. ఎక్సెల్‌లో మామూలు కాలమ్ 64 పిక్సెల్స్, వరస 20, కాబట్టి మూడు కాలమ్స్ తగ్గి 18 వరసలు ఎక్కువ కనపడతాయి. పొడుగాటి పర్చేజ్ రిజిస్టర్ చూసేవాళ్ళకి ఇది లాభమే.

కానీ అదంతా స్కేలింగ్ 100% లో ఉంచితేనే. అల్ట్రావైడ్‌లో పిక్సెల్స్ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్షరం ఇప్పటికన్నా దాదాపు ఆరో వంతు చిన్నదవుద్ది. చదవలేక 125% పెట్టారనుకోండి, స్క్రీన్ 2752 బై 1152 లాగా పనిచేస్తది, సగానికి 1376 మాత్రమే, ఎత్తులో కలిసొచ్చేది మూడు వరసలు. అప్పుడు రెండు మానిటర్లే నయం. కొనకముందే తెలుసుకోవాలంటే ఇప్పుడున్న 24 మీద ఎక్సెల్ జూమ్ 85% పెట్టి ఒక రోజంతా పని చేసి చూడండి, అల్ట్రావైడ్‌లో అక్షరం ఇంచుమించు అంతే ఉంటది. సాయంత్రానికి కళ్ళు లాగాయంటే వద్దు.

కళ్ళు ఓకే అంటే మాత్రం నా ఓటు అల్ట్రావైడ్‌కే, దానికి కారణం జోన్స్, అంటే స్క్రీన్‌ని మనకి కావాల్సిన కొలతల్లో గడులుగా విడగొట్టుకోవడం. విండోస్ 11లో Win+Z కొడితే లేఅవుట్లు వస్తాయి గానీ మనకి కావాల్సిన కొలతలు సేవ్ చేసుకోనివ్వదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ ఫ్రీగా దొరుకుద్ది, అందులో ఫ్యాన్సీజోన్స్ ఆన్ చేసి Win+Shift+` కొడితే ఎడిటర్ వస్తది. బావ పనికి నేను చెప్పింది మూడు నిలువు జోన్లు: ఎడమ 860, మధ్య 1290, కుడి 1290. ఎడమ దాంట్లో బిల్లు పీడీఎఫ్, 860 వెడల్పులో ఏ4 పేజీ పైనుంచి కిందదాకా మొత్తం పట్టుద్ది, స్క్రోల్ చెయ్యక్కర్లేదు. మధ్యలో పర్చేజ్ రిజిస్టర్, కుడిపక్క పోర్టల్ నుంచి దించిన జీఎస్టీఆర్-2బి ఎక్సెల్. పోల్చాల్సింది జీఎస్టీఐఎన్ నంబర్, బిల్లు నంబర్, తేదీ, విలువ, పన్నులు, అంతే కదా, వాటికి 1290 చాలు. 14న 2బి వచ్చాక 20 లోపు 3బి వెయ్యాలి కాబట్టి ఆ వారం అంతా ఇదే పని, రెండు మానిటర్లయితే మూడో కాగితం ఎప్పుడూ దేనికిందో ఒకదానికింద దాక్కుంటది.

విండోని Shift నొక్కి లాగితే జోన్‌లో కూర్చుంటది. సెట్టింగ్స్‌లో Override Windows Snap టిక్ పెట్టుకుంటే Win+బాణం కీలతోనే జోన్లు మార్చుకోవచ్చు. ఏదైనా ప్రోగ్రామ్ ఎంత లాగినా జోన్‌లోకి రావట్లేదంటే అది అడ్మినిస్ట్రేటర్‌గా తెరుచుకుందేమో చూడండి, అప్పుడు పవర్‌టాయ్స్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్యాలి.

జోన్ అనేది విండోస్ దృష్టిలో వేరే మానిటర్ కాదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. మాగ్జిమైజ్ కొడితే మొత్తం 34 అంగుళాలు నిండిపోద్ది, క్లయింట్ సిస్టమ్‌లోకి రిమోట్‌లో ఫుల్ స్క్రీన్‌గా వెళ్తే మన ఎక్సెల్ కనపడదు. జూమ్ మీటింగ్‌లో స్క్రీన్ మొత్తం షేర్ చేస్తే అవతల చిన్న ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్ళకి సన్నటి పట్టీ, చీమల్లాంటి అంకెలు. విండో ఒక్కటే షేర్ చెయ్యొచ్చు, కాకపోతే అందులోంచి వచ్చే పాప్‌అప్‌లు కొన్నిసార్లు అవతలకి కనపడవు. రోజుకి సగం టైము షేరింగ్‌లోనే గడిచే ట్రైనింగ్ వాళ్ళు, సపోర్ట్ వాళ్ళు రెండు మానిటర్లు వదలొద్దు. లేదంటే పీబీపీ ఉన్న అల్ట్రావైడ్ చూసుకోండి, ల్యాప్‌టాప్ నుంచి రెండు కేబుళ్ళు పెడితే విండోస్‌కి అది 1720 బై 1440 మానిటర్లు రెండుగా కనపడుద్ది. ముందు ఆ మోడల్ మాన్యువల్‌లో సగం సగం రిజల్యూషన్ ఇస్తదో లేదో చూడాలి.

29 అంగుళాల అల్ట్రావైడ్ జోలికి ఈ పనికి పోవద్దు. అది 2560 బై 1080, సగానికి 1280, ఎత్తు పాతదే, ఏమీ కలిసిరాదు.

పాత ల్యాప్‌టాప్ అయితే హెచ్‌డీఎంఐలో 3440 బై 1440 కి 30 హెర్ట్జో 50 హెర్ట్జో మాత్రమే రావచ్చు, మౌస్ తడబడుతూ కదిలితే అదే లక్షణం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో Advanced display తెరిస్తే ఎంత వస్తుందో రాసి ఉంటది. వీలైతే ఆ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి షాపులోనే పెట్టించి 60 వచ్చాకే డబ్బులు కట్టండి.