డ్రై సిరప్ కరపత్రం తెలుగులో: మాటకు మాట పెట్టాలా, తిరగరాయాలా?

మందు పెట్టెలో మడతపెట్టి ఉండే ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చదివే ఫార్మసీ సిబ్బంది కోసం అనువదించేటప్పుడు రెండు దారులు ఉంటాయి. మూలంలోని ప్రతి పదబంధానికీ తెలుగు మాట వెతికి అదే క్రమంలో పేర్చడం ఒకటి. కౌంటర్ దగ్గర ఉన్నవారు చేయవలసిన పనిని బట్టి వాక్యాన్ని తిరగరాయడం మరొకటి. పొడిగా వచ్చి, వాడేముందు నీరు కలిపే యాంటీబయాటిక్, పిల్లలకు విరివిగా రాసే అమాక్సిసిలిన్–క్లావులానేట్ డ్రై సిరప్‌ను, అందులోనూ 5 ఎంఎల్‌కు అమాక్సిసిలిన్ 200 ఎంజీ, క్లావులానేట్ 28.5 ఎంజీ ఉండే సీసాను తీసుకుని ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూద్దాం.

మోతాదు భాగంలోనే తేడా అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది. నలభై కిలోలలోపు పిల్లలకు అమాక్సిసిలిన్ లెక్కన కిలో బరువుకు రోజుకు 25 నుంచి 45 ఎంజీ అని మూలం చెబుతుంది. మాటకు మాట పెట్టిన అనువాదంలో ఇందులోని కింది హద్దు "రోజుకు కిలోకు 25 ఎంజీ, రెండు విభజిత మోతాదులలో" అని వస్తుంది. వ్యాకరణం తప్పు లేదు, కానీ "విభజిత" అన్న మాట కౌంటర్ దగ్గర ఎవరి నోటా వినబడదు. దాన్ని దాటవేసి చదివినవారికి మిగిలేది "25 ఎంజీ, రెండు మోతాదులు" మాత్రమే. పన్నెండు కిలోల బిడ్డకు రోజు మొత్తానికి 300 ఎంజీ, అంటే పూటకు 150 ఎంజీ ఇవ్వాలి, అది 3.75 ఎంఎల్. పొరపాటున చదివితే పూటకే 300 ఎంజీ, అంటే 7.5 ఎంఎల్ అవుతుంది. రోజుకు కిలోకు 50 ఎంజీ వెళ్లి, మూలం చెప్పిన పై హద్దు కూడా దాటుతుంది.

అందుకే ఇక్కడ తిరగరాయడమే మేలు: "ముందుగా రోజు మొత్తానికి ఎంత మందు కావాలో లెక్క కట్టాలి. దాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఉదయం ఒక భాగం, రాత్రి ఒక భాగం ఇవ్వాలి." దీని కింద పన్నెండు కిలోల లెక్కనే వేసి చూపితే, డాక్టర్ చీటీలోని ఎంఎల్ సరిపోతోందో లేదో సిబ్బంది సరిచూసుకోగలరు. మరో చిన్న విషయం: మి.గ్రా., మి.లీ. అని పక్కపక్కన అచ్చువేస్తే తొందరలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేనైతే షాపులో పలికే ఎంజీ, ఎంఎల్ అనే రూపాలనే ఉంచుతాను.

ఎవరికి ఇవ్వకూడదో చెప్పే భాగానికి వచ్చేసరికి తూకం మారుతుంది. ఇక్కడ తేలిక చేయాలన్న తాపత్రయమే ప్రమాదం. ఇంతకుముందు ఇదే మందు వల్ల కామెర్లు లేదా కాలేయ సమస్య వచ్చినవారికి మళ్లీ ఇవ్వకూడదని మూలం అంటుంది. సులువుగా ఉంటుందని "కామెర్లు వచ్చినవారికి ఇవ్వకూడదు" అని కుదిస్తే, ఎప్పుడో నీటి ద్వారా సోకిన కామెర్లు వచ్చి తగ్గిపోయిన బిడ్డకు కూడా మందు ఆగిపోతుంది. "ఇదే మందు వల్ల" అన్న షరతును వదలకుండా, వాక్యం కాస్త పొడవైనా మూలాన్నే పట్టుకుని నడవాలి. అలాగే "ఇవ్వకూడదు", "జాగ్రత్తగా ఇవ్వాలి" అన్నవి మూలంలో వేర్వేరు శీర్షికల కింద ఉంటాయి, తెలుగులో కలిసిపోకూడదు. పెన్సిలిన్ ఎలర్జీ ఉన్నవారు మొదటి శీర్షిక కిందికి, కాలేయం సరిగా పనిచేయనివారు రెండో శీర్షిక కిందికి వస్తారు. "ఎలర్జీ" అన్న మాట అందరికీ తెలిసినదే. దాని బదులు "అతి సున్నితత్వం" అని రాస్తే మూలానికి దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, సిబ్బంది తల్లిని అడగవలసిన ప్రశ్న అందులోంచి పుట్టదు.

నిల్వ భాగంలో విశేషణాలకు బదులు అంకెలు ఉండాలి. మాటకు మాట పెట్టినప్పుడు "చల్లని ప్రదేశం" అన్న ఒక్క పదమే 25 డిగ్రీల లోపుకూ, ఫ్రిజ్‌లోని 2–8 డిగ్రీలకూ సరిపోయి కూర్చుంటుంది. ఈ సీసాకు ఆ రెండూ రెండు దశలలో అవసరం. పొడి సీసా 25 డిగ్రీల లోపు, తేమ తగలని చోట ఉండాలి. నీరు కలిపాక ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య, గడ్డకట్టనివ్వకుండా ఉంచి, ఏడు రోజుల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. నీరు తగిలితే క్లావులానేట్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుకనే ఈ గడువు. నీరు కలపకముందు, కలిపాక అని రెండు వరుసలుగా విడదీసి, రెండో వరుస చివర "కలిపిన తేదీ" అని ఖాళీ గీత వదిలితే, సిబ్బంది అక్కడ రాసిన తేదీనే చూసి సీసాను ఎప్పుడు పారేయాలో చెప్పగలరు. ఈ గీత మూలంలో లేదు. అయినా దాన్ని చేర్చడానికి నాకు సంకోచం లేదు, ఎందుకంటే అది మూలం చెప్పిన గడువును మార్చడం లేదు.