చికాగో చలిలో బస్సా, రైలా?

మా నల్గొండలో చెయ్యెత్తితే బస్సు ఆగేది, కండక్టరు ఊరి పేరు కేకేసి చెప్పేవాడు. చికాగోలో బెల్మాంట్ ప్రాంతం నుంచి యూఐసీ విశ్వవిద్యాలయం క్యాంపస్‌కు వెళ్లిన మొదటి వారం ఆ కేక కోసమే చెవులు రిక్కించాను.

హాల్‌స్టెడ్ వీధిలో 8వ నంబరు బస్సు ఎక్కితే మారే పని లేదు. కానీ మంచు పడితే ట్రాఫిక్‌తోపాటు అదీ నత్తనడక నడుస్తుంది. నిలబడేది ఆరుబయట. చలికి ఫోను చార్జి చకచకా పడిపోయి, బస్సు ఎక్కడుందో చూసుకునే ఆధారం కూడా పోతుంది. కిటికీలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనబడదు. దిగాల్సిన చోటుకు ముందే తాడు లాగాలని తెలియక ఒక స్టాపు దాటిపోయాను.

రైలుకు ఆ బాధ లేదు, ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. ‘95వ వీధి’ వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కి, జాక్సన్‌లో దిగి, సొరంగ మార్గంలో నడిచి బ్లూ లైన్ పట్టుకోవాలి. అక్కడ ‘ఫారెస్ట్ పార్క్’ బోర్డు చూడండి, ‘ఓహేర్’ అని ఉంటే ఎదురు దిశ. బెల్మాంట్ ప్లాట్‌ఫాం ఎత్తున ఉండి గాలి కోసేస్తుంది, అయితే మీట నొక్కితే తలపై హీటర్లు వెలుగుతాయి.

జనవరిలో దిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను రైలే చెబుతాను. మంచు కరిగాక బస్సు.