ముక్కుపుడక పెట్టడానికి గింప్: ఏడేళ్ళు వాడాక

మా స్టూడియో తెనాలిలో. ఇక్కడ ఫ్రేము కట్టే పనిలో చాలాభాగం పోయినవాళ్ళ ఫోటోలే. ఆసుపత్రిలో నగలు తీసేయించాక తీసిన ఫోటో ఒక్కటే బాగా వచ్చి ఉంటుంది, అందులో ముక్కు బోసిగా ఉంటుంది. "ముక్కుపుడక లేకుండా అమ్మని మేమెప్పుడూ చూళ్ళేదండీ, పెట్టగలరా?" అని అడుగుతారు. ఈ పనికి 2018 నుంచి ఫోటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. మొదట 2.10 వెర్షన్, 2025లో 3.0 వచ్చాక అది.

మొదటిసారి చేసినప్పుడు పుడక ఫోటో అతికించి, Drop Shadow వేసి ఇచ్చేశాను. వాళ్ళబ్బాయి చూసి, "స్టిక్కరు అంటించినట్టుందండీ" అన్నాడు. నిజమే. ఆ ఫిల్టరు మనం రంగు మార్చకపోతే నల్లటి నీడనే ఒకే తీరుగా పక్కకి జరుపుతుంది. చర్మం మీద నీడ నల్లగా ఉండదు. వెలుగు చర్మంలోకి దిగి మళ్ళీ బయటికి వస్తుంది కాబట్టి నీడ అంచు కాస్త ఎర్రబారుతుంది. అప్పటినుంచి ఈ పనికి ఆ ఫిల్టరు ముట్టుకోలేదు.

ఇప్పుడెలా చేస్తానో ఈమధ్య చేసిన ఒక పనితోనే చెప్తాను. ఫోటో 8×10 అంగుళాల ఫ్రేముకి, అంగుళానికి 300 చొప్పున 2400×3000 పిక్సెళ్ళు. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం 1500 పిక్సెళ్ళు వచ్చింది. ముఖం పొడుగు సుమారు 18 సెంటీమీటర్లనుకుంటే మిల్లీమీటరుకి 8 పిక్సెళ్ళు. వాళ్ళ ఏడు రాళ్ళ ముక్కుపుడక 8 మిల్లీమీటర్ల వెడల్పు, కాబట్టి ఫోటోలో 65 పిక్సెళ్ళకి మించకూడదు. అందంగా కనబడాలని కాస్త పెంచామా, మనిషి మారిపోతుంది.

కళ్ళలోని మెరుపు చూస్తే కిటికీ ఎడమ పైనుంది. పుడకని కూడా కిటికీ పక్కన, అదే వైపు వెలుగు పడేలా పెట్టి ఫోటో తీశాను. బంగారానికి పసుపు రంగు పులిమితే ఇత్తడి కూడా కాదు, ప్లాస్టిక్ అవుతుంది. బంగారం చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. వెలుగు వైపు అంచు లేత పసుపు, చర్మం వైపు అంచు దాదాపు నలుపుకి దగ్గరైన ముదురు గోధుమ రంగు, మధ్యలో పసుపు కొంచెమే. దాని మెరుపులో కూడా పసుపు ఛాయ ఉండాలి. తెల్లటి మెరుపు రాళ్ళది, ముక్కు మీది జిడ్డుది. ఆ ఏడు రాళ్ళలో తెల్లగా మెరిసినవి రెండే, మిగతావి బూడిద రంగు, ఒకటి పూర్తిగా చీకటి. నేను మొదట్లో ఏడింటినీ మెరిపించేవాడిని.

ఇక నీడ. కింది రంగుని ముదురు చేసే Multiply మోడ్‌లో రెండు లేయర్లు వేస్తాను. రంగు ఆ ముఖంలోనే, ముక్కుపుట పక్క మడతలోంచి తీసుకుంటాను. మొదటిది పుడక చర్మాన్ని ఆనే చోట 2 పిక్సెళ్ళ సన్నటి గీత, మసక దాదాపు ఉండదు, గాఢత 60 శాతం. రెండోది కిటికీకి ఎదురు వైపు, అంటే కుడి కిందికి, 5, 6 పిక్సెళ్ళ మసకతో 25 శాతం. మొదటిది లేకపోతే పుడక గాల్లో తేలుతుంది. రెండోది లేకపోతే చర్మం మీద అచ్చు వేసినట్టుంటుంది. చివరికి పుడక లేయరుకి మసక కోసం అర పిక్సెలు Gaussian Blur, ఆపైన ఫోటోలో ఉన్నంత సన్నటి చుక్కల నాయిస్. ముఖం ఫోనుది, పుడక పెద్ద కెమెరాది అయితే ఈ తేడానే ముందు పట్టిస్తుంది.

3.0లో నాకు నచ్చింది ఇక్కడే. ఆ Gaussian Blur లేయరు మీద విడిగా నిలిచి ఉంటుంది, నాలుగు రోజుల తర్వాత తెరిచినా మార్చుకోవచ్చు. 2.10లో ఒకసారి వేస్తే అంతే, అందుకని ప్రతిదానికీ నకలు లేయరు ఉంచుకునేవాడిని.

పాపిడిబిళ్ళకీ ఇదే పద్ధతి. కాకపోతే బిళ్ళ కింది అంచు నుదుటిని ఆనుతుంది, పైభాగం కాస్త లేచి ఉంటుంది. కాబట్టి కింద నీడ బిగువుగా, పైకి పోయేకొద్దీ పలచగా వెడల్పుగా ఉండాలి. జడ క్లిప్పు మాత్రం గింప్‌లో ఎక్కువ టైము తింటుంది. క్లిప్పు మీదుగా నాలుగైదు వెంట్రుకలు రావాలి, అవి మాస్కులో సన్నటి బ్రష్‌తో ఒక్కొక్కటే గీయాలి. నాకు గంట పైనే పడుతుంది.

పని మొదలెట్టేముందు ఇంకొకటి చూడండి. సెల్ఫీ అయితే కుడిఎడమలు తారుమారై ఉండొచ్చు. ఒకసారి కుడి ముక్కుకి పెట్టి ఇస్తే, "అమ్మది ఇటువైపు కాదండీ" అని వాళ్ళమ్మాయి గుర్తుపట్టింది. తిరిగి చూస్తే ఫోటోలో పైట కుడి భుజం మీదుంది. అప్పటినుంచి ముందు పైట చూస్తాను, తర్వాతే ముక్కు.